వాయిస్ ఓవర్ మీద నడిచే స్క్రిప్టును సింక్ సౌండ్‌కి మార్చడం: గ్రైండర్ సీన్ దగ్గర చిక్కు

సాలిగ్రామం_ప్రసాద్

అందరికీ నమస్కారం. మా షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు 14 పేజీలు. సాలిగ్రామంలో టిఫిన్ మెస్సు నడిపే వసుధ, ఒకప్పుడు కోడంబాక్కం స్టూడియోల్లో లైట్‌మన్‌గా పనిచేసిన ఆమె తండ్రి సుబ్బయ్య, వీళ్ళిద్దరి కథ. మొదటి నుంచీ వసుధ గొంతులో వాయిస్ ఓవర్‌గా నడుస్తుంది. ఇప్పుడు దాన్ని తీసేసి, పాత్రలే కెమెరా ముందు మాట్లాడేలా సింక్ సౌండ్‌లో తీద్దామనుకుంటున్నాం. రిహార్సల్‌లో ఇద్దరు నటులూ ఎదురెదురుగా కూర్చుంటే వాళ్ళ మధ్య ఏదో నడుస్తోంది. దాని మీద నా వాక్యాలు పరిస్తే అది కనపడకుండా పోతోంది.

చిక్కల్లా ఈ సీన్ దగ్గరే. వాయిస్ ఓవర్ ఇదీ:

"అమ్మ పోయాక నాన్న గ్రైండర్ దగ్గరికి ఎవర్నీ రానిచ్చేవారు కాదు. రోజూ రాత్రి తొమ్మిదింటికి ఆయనే పప్పు రుబ్బేవారు. ఆయన చూపు మసకబారుతున్న సంగతి నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకి తెలియకూడదని నేను ఏమీ అనేదాన్ని కాదు. ఆ గ్రైండర్ అమ్మేయాలని అప్పటికే నిర్ణయించుకున్నాను."

దీన్ని మాటల్లోకి మారిస్తే ఇలా వచ్చింది:

వసుధ: నాన్నా, అమ్మ పోయినప్పటి నుంచీ నువ్వు ఈ గ్రైండర్ దగ్గరికి ఎవర్నీ రానివ్వట్లేదు. నీకు చూపు కూడా ఆనట్లేదు.
సుబ్బయ్య: ఇది మీ అమ్మ జ్ఞాపకం తల్లీ. నా ప్రాణం ఉన్నంతవరకూ నేనే రుబ్బుతాను.

చదువుతుంటే బాగానే ఉంది. నటుల నోట్లో మాత్రం పలకడం లేదు. లొకేషన్ ఆర్కాట్ రోడ్డు పక్క వీధిలో నిజంగా నడుస్తున్న మెస్సు వంటగది. రాత్రి వ్యాపారం అయ్యాక మనకిస్తారు.

పెరంబూర్_పిల్లోడు

అన్నా, ఇందులో ఆలోచించడానికేముంది? సినిమా అంటే చూపించడం. మాటలన్నీ తీసెయ్. గ్రైండర్ తిరుగుతుంటుంది, ముసలాయన చెయ్యి, కళ్ళ క్లోజప్, గోడ మీద అమ్మ ఫోటోకి దండ. నాలుగు షాట్లు. వాయిస్ ఓవరూ వద్దు, డైలాగూ వద్దు. జనానికి అర్థమైపోతుంది.

కథల_కామేశ్వరి

పిల్లోడూ, నువ్వు చెప్పింది సగం వరకూ నిజం. ఆ అయిదు వాక్యాల్లో రెండో వాక్యం పూర్తిగా కంటికి కనపడేదే, మూడోది కూడా చాలావరకు. కానీ అయిదోది చూడు. వసుధ గ్రైండర్ అమ్మేయాలనుకుంది. నాలుగు క్లోజప్పులు కాదు కదా, నలభై తీసినా ఆ సంగతి తెరమీదికి రాదు. ఎవరో ఒకరు నోరు విప్పాలి. ఎవరు, ఎవరితో, ఎందుకు అన్నదే అసలు పని.

ప్రసాద్ గారూ, మీ మాటలు నటుల నోట్లో పలకకపోవడానికి కారణం వాళ్ళు కాదు. వాయిస్ ఓవర్‌లో వసుధ ప్రేక్షకుడితో మాట్లాడుతోంది. ప్రేక్షకుడికి ఏమీ తెలియదు కాబట్టి అన్నీ చెబుతుంది. మీరు ఆ మాటలనే తండ్రివైపు తిప్పారు. తండ్రికి ఇవన్నీ తెలుసు. గ్రైండర్ దగ్గరికి ఎవర్నీ రానివ్వనిది ఆయనే, చూపు ఆననిదీ ఆయనకే. తెలిసిన మనిషికి తెలిసిన సంగతి చెప్పమంటే ఎంత మంచి నటి అయినా గొంతులో బరువు పెంచి నెట్టుకురావలసిందే. మీకు కృత్రిమంగా వినపడుతున్నది ఆ బరువే.

నేనైతే ప్రతి వాక్యం పక్కన రాసుకునేది ఒక్కటే: ఈ సంగతి ఈ గదిలో ఎవరికి తెలియదు? మొదటి మూడూ ఇద్దరికీ తెలుసు, కాబట్టి అవి మాటలు కావు. అవి చేతల్లోకి పోవాలి, లేదా ఎగిరిపోవాలి. నాలుగోది మీ సినిమాకి గుండెకాయ. వసుధ దాన్ని బయటికి అన్న క్షణాన అబద్ధమైపోతుంది, ఎందుకంటే ఏమీ అనకపోవడమే దాని అర్థం. కాబట్టి దాన్ని ఏదో ఒక పనిలో దాచాలి. అయిదోది మాత్రం తండ్రికి తెలియదు. అక్కడుంది మీ డైలాగు. ఆ సంగతి ఆయనకి వసుధ నోటి నుంచి కాకుండా బయటివాడి నోటి నుంచి తెలిస్తే ఇంకా మంచిది. అప్పుడు ఆమె సర్దుకోవాలి, కప్పిపుచ్చాలి. ఆ కంగారులో మాట దానంతట అదే పుడుతుంది.

ఇంకో సంగతి. మీ వాక్యాల్లో "రానిచ్చేవారు కాదు, రుబ్బేవారు, అనేదాన్ని కాదు" అన్నీ రోజూ జరిగే పనులే. కెమెరా రోజూ జరిగేదాన్ని తీయలేదు, ఒక్క రాత్రినే తీస్తుంది. ఏ రాత్రి? మామూలు రాత్రిని తీసుకుంటే ఏమీ జరగదు. కొనేవాడు వచ్చిన రాత్రిని తీసుకోండి. మామూలు రాత్రులన్నీ అందులోనే తెలుస్తాయి, పీట ఎక్కడ వేసుకున్నాడో, చెయ్యి ఏ డబ్బా కోసం వెళ్తుందో వాటినిబట్టి.

టెక్_తరుణ్

నాదీ ఇదే సమస్య. ఫోన్‌తో తీసిన వీడియోకి వాయిస్ ఓవర్ విడిగా రికార్డ్ చేసి కలిపితే మొదట్లో పెదాలకి సరిపోతుంది, పది నిమిషాలయ్యేసరికి మాట వెనకబడుతుంది. ఎడిటింగ్‌లో కోసి కోసి జరుపుతున్నాను. సింక్ చేయడానికి మంచి సాఫ్ట్‌వేర్ ఏది?

బూమ్_బాబూరావు

తరుణ్ తమ్ముడూ, ప్రసాద్ గారు అడుగుతున్నది స్క్రిప్టు మార్చడం గురించి. నీది వేరే. చాలా ఫోన్లు ఫ్రేమ్ రేటు స్థిరంగా ఉంచవు, వెలుగునుబట్టి పెంచుతూ తగ్గిస్తూ పోతాయి. విడిగా తీసిన సౌండు స్థిరంగా నడుస్తుంది. అందుకే రానురాను ఎడం పెరుగుతుంది. ఎడిట్‌కి ముందే ఆ వీడియోని స్థిరమైన 24కో 25కో మార్చుకో, సౌండు 48 కిలోహెర్ట్జ్‌లో ఉంచు. చాలావరకు పోతుంది. ఇంకా ఏమైనా ఉంటే వేరే థ్రెడ్ పెట్టు, అక్కడ చూద్దాం.

ప్రసాద్ గారూ, నేను సౌండు వైపు నుంచి చెబుతాను. వాయిస్ ఓవర్ స్క్రిప్టుకి లొకేషన్ కంటికి బాగుంటే చాలు. సింక్ సౌండ్‌కి అదే లొకేషన్‌ని కళ్ళు మూసుకుని మళ్ళీ చూడాలి. రాత్రి తొమ్మిదికి ఆ వంటగదిలో నిలబడి వినండి. ఫ్రిజ్ ఉందా? టేక్‌కి ముందు ఆపాలి, మళ్ళీ వెయ్యడం మర్చిపోకుండా కారు తాళం అందులో పెట్టడం మావాళ్ళ అలవాటు. ఎగ్జాస్ట్ ఫ్యాన్, సీలింగ్ ఫ్యాన్ ఆపాలి. గోడలకి టైల్స్ ఉంటే మాట కొట్టుకుని తిరిగొస్తుంది. కెమెరాకి కనపడని గోడలకి దళసరి దుప్పట్లు వేలాడదీయండి. బస్సు హారన్‌ని మాత్రం ఎవరూ ఆపలేరు. అది మాట మధ్యలో పడితే మళ్ళీ తీయడమే.

అసలు సమస్య గ్రైండరు. అది తిరుగుతుండగా మాట్లాడిస్తే రెండు గొడవలు. మొదటిది, మైకు మాట కన్నా మోటారునే ఎక్కువ పట్టుకుంటుంది. రెండోది ఎడిటింగ్‌లో బయటపడుతుంది. వసుధ షాట్‌లో మోటారు ఒకలా, సుబ్బయ్య షాట్‌లో మైకు జరిగింది కాబట్టి ఇంకోలా. ప్రతి కట్ దగ్గరా చప్పుడు గెంతుతుంది. చూసేవాడికి కారణం తెలియదు గానీ ఏదో అతికించినట్టు అనిపిస్తుంది.

అందుకని క్లోజప్పుల్లో గ్రైండరు ఆపేసి మాటలు తీస్తాం, మోటారు చప్పుడు విడిగా రెండు నిమిషాలు రికార్డు చేసుకుని మిక్సింగ్‌లో కింద పరుస్తాం. కానీ ఇక్కడే చాలామంది దొరికిపోతారు. గ్రైండరు లేదు కాబట్టి నటులు మెల్లగా మాట్లాడతారు. తర్వాత చప్పుడు కలిపితే, అంత మోతలో అంత మెల్లగా ఎవరు మాట్లాడుకుంటారు? వినగానే దొంగతనం తెలిసిపోతుంది. కాబట్టి ముందు గ్రైండరు వేసి రిహార్సల్ చేయించండి. గొంతు ఎంత పెంచాలో వాళ్ళకి పట్టుబడుతుంది. వెంటనే ఆపి, అదే గొంతుతో టేక్ చేయండి. టేక్ మొదట్లో ఒక్క క్షణం వేసి ఆపినా చాలు, గొంతు దిగదు.

తిరుగుతున్న డ్రమ్ము కనపడే వైడ్ షాట్‌లో మాత్రం ఈ కిటుకు పనిచేయదు. అక్కడ కేకేసి చెప్పుకునే మాటలే ఉండాలి. సున్నితమైన మాట ఒక్కటి ఉన్నా పోతుంది. ఇది రాసేవాళ్ళ చేతిలో పని, నా చేతిలో కాదు.

కథల_కామేశ్వరి

బాబూరావు గారూ, మీరు చెప్పిన ఆఖరి మాటతో సీన్‌కి దారి దొరికింది. గ్రైండర్ ఆగే క్షణాన్ని సీన్ మధ్యలో పెట్టాలి. ఆగకముందు అరుచుకునే రెండు మాటలు, ఆగాక మిగతావన్నీ. ఆపేది సుబ్బయ్యే అయితే దానికో కారణం కావాలి. చూపు ఆనని మనిషికి ముందు వినపడేది పరాయి గొంతు కదా.

సాలిగ్రామం_ప్రసాద్

ఇద్దరికీ ధన్యవాదాలు. నిన్నంతా కూర్చుని మళ్ళీ రాశాను. చూడండి.

మెస్సు వంటగది, రాత్రి. గ్రైండర్ తిరుగుతోంది. సుబ్బయ్య పీట మీద కూర్చుని అంచుకి అంటిన పిండి లోపలికి తోస్తున్నాడు. ఉప్పు డబ్బా కోసం చెయ్యి చాస్తాడు. చెయ్యి పంచదార డబ్బా మీద పడుతుంది. గిన్నెలు సర్దుతున్న వసుధ చూస్తుంది. అటువైపు తిరిగే ఉండి, ఉప్పు డబ్బాని ఆయన చేతికిందికి జరుపుతుంది.

సుబ్బయ్య (గట్టిగా): పొయ్యి కట్టేశావా?
వసుధ (గట్టిగా): కట్టేశా!

గుమ్మంలో ఒక కుర్రాడు.

కుర్రాడు: అక్కా, ఇదేనా? పది లీటర్లదా?

సుబ్బయ్య స్విచ్ ఆపుతాడు. డ్రమ్ము తిరిగి తిరిగి ఆగుతుంది.

సుబ్బయ్య: ఎవరు?
వసుధ: గ్యాసబ్బాయి.
సుబ్బయ్య: గ్యాసబ్బాయికి లీటర్లతో ఏం పని?

వసుధ మాట్లాడదు.

సుబ్బయ్య: ఎంతకిస్తున్నావు?
వసుధ: ఇంకా అనుకోలేదు నాన్నా.
సుబ్బయ్య: రాళ్ళకి గంట్లు పెట్టించి ఆర్నెల్లు కూడా కాలేదు. ఆ మాట చెప్పు వాడికి.

వ్యాసర్పాడి_వాణి

ఇది చదువుతుంటే మనుషులు కనపడుతున్నారు. పంచదార డబ్బా దగ్గర మీ నాలుగో వాక్యం మొత్తం వచ్చేసింది.

నేను డబ్బింగ్ చెబుతాను. నా వైపు నుంచి ఒక్కటి. వాయిస్ ఓవర్‌లో "నిర్ణయించుకున్నాను", "మసకబారుతున్న" లాంటి మాటలు ఇబ్బంది పెట్టవు, అది పుస్తకం చదువుతున్న గొంతు. మనుషులు ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు చెన్నైలో పెరిగిన వసుధ ఎలా మాట్లాడుతుంది? మా ఇంట్లో తరాలుగా మాట్లాడే తెలుగులో అరవం కలిసే ఉంటుంది. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక స్టూడియోలో నా మాట విని "ఇది తెలుగు కాదు, బెజవాడ వాళ్ళలా చెప్పు" అన్నారు. ఇన్నేళ్ళూ అలాగే చెబుతున్నాను. మీ సినిమాలో అలా చేయకండి. కుర్రాడు సగం అరవంలో అడగాలి. వసుధ వాడితో అరవం, తండ్రితో తెలుగు. వాడితో ఏదో అరవంలో గబగబా అని, తండ్రివైపు తిరిగి "గ్యాసబ్బాయి" అంటే, ఆ భాష మారడంలోనే దాపరికం వినపడుతుంది. సుబ్బయ్యకి రెండూ వచ్చు కదా, ఆయన దగ్గర ఏమీ దాగదు.

తండ్రి వేషం ఎవరు వేస్తున్నారు? ఆయనకి తెలుగు వచ్చా?

సాలిగ్రామం_ప్రసాద్

వాణి గారూ, అదే ఇంకో చిక్కు. ఆయన తమిళ నాటకాల మనిషి. తెలుగు అర్థమవుతుంది, మాట్లాడటం రాదు. వాయిస్ ఓవర్ స్క్రిప్టులో ఆయనకి ఒక్క మాటా లేదు, అందుకే ముఖం చూసి తీసుకున్నాం. ఇప్పుడు ఆయనకి అయిదు మాటలు. సుబ్బయ్య కావలి నుంచి వచ్చినవాడు. ఆయన్ని మార్చడం నాకిష్టం లేదు.

పెరంబూర్_పిల్లోడు

ఆయన ఒక్కడికీ డబ్బింగ్ చెప్పించెయ్ అన్నా. మన ఊళ్ళో అది ఒక పనా?

బూమ్_బాబూరావు

పనే తమ్ముడూ. మన దగ్గర అందరికీ డబ్బింగ్ చెప్పించే అలవాటు పాతుకుపోయింది. ఆరిఫ్లెక్స్ 2సి లాంటి కెమెరాలు నడుస్తుంటే సెట్లో మాట రికార్డు చేయలేనంత చప్పుడు, దాంతో అందరూ పైలట్ ట్రాక్ తీసి తర్వాత స్టూడియోలో చెప్పేవారు. అందరి గొంతూ స్టూడియో గొంతే కాబట్టి తేడా తెలిసేది కాదు. ఇక్కడ వసుధ గొంతులో వంటగది ఉంటుంది, టైల్స్, గిన్నెలు, ఆమె ఊపిరి. తండ్రి గొంతు స్టూడియో నుంచి వస్తే ఇద్దరూ ఒకే గదిలో లేరని రెండో మాటకే తెలిసిపోతుంది.

తప్పదనుకుంటే, ఆ డబ్బింగ్ కూడా ఆ వంటగదిలోనే, ఆ రాత్రే, అదే మైకులతో, బూమ్ అదే ఎత్తులో పెట్టి చెప్పించండి. ప్రతి సెటప్ అయ్యాక అందరూ కదలకుండా నిలబడి అర నిమిషం ఖాళీ గది చప్పుడు తీసుకోండి. కొత్త మాట కింద పరవడానికి అది కావాలి. ఇంత చేసినా క్లోజప్‌లో పెదాలు పట్టించేస్తాయి.

కోత_కూర్పు

నేను ఎడిటర్‌ని. ఈ థ్రెడ్‌లో ఎవరూ నిడివి మాటెత్తలేదు. పాత అయిదు వాక్యాలూ చదివితే అర నిమిషం లోపే అయిపోతాయి. కొత్త సీన్, ఆ డ్రమ్ము ఆగడంతో కలిపి, రెండు నిమిషాలకి తగ్గదు. వాయిస్ ఓవర్ ముక్కలు ఇంకా ఎన్ని ఉన్నాయో గానీ అన్నింటినీ ఇలా సీన్లు చేస్తే 14 పేజీల సినిమా రెట్టింపవుతుంది. కాబట్టి అన్నీ మార్చకండి. ఏ ముక్కలో తెలియని సంగతి ఒకరి నుంచి ఒకరికి చేరుతుందో అవే సీన్లు. మిగతావి ఇందులోనే కలిపేయండి, లేదా వదిలేయండి. అమ్మ గురించి చెప్పే ముక్క ఏదైనా ఉంటే ఈ సీన్ వచ్చాక దాని అవసరం ఉండకపోవచ్చు, ఒకసారి చూసుకోండి.

రెండోది. వాయిస్ ఓవర్ కింద నేను ఎక్కడైనా కోయగలను, బొమ్మ ఏదైనా మాట నడుస్తుంది. సింక్‌లో మాట పెదాలకి కట్టేసి ఉంటుంది. రెండు టేకుల్లో మంచి సగాలు కలపాలంటే దాక్కోవడానికి చోటు కావాలి. అందుకని వింటున్న ముఖాలు మొత్తం సీనంతా తీయండి, మాట్లాడే ముఖాలతో సమానంగా. ఈ సీన్‌లో "ఎంతకిస్తున్నావు" అన్న మాట మీద నాకు సుబ్బయ్య అక్కర్లేదు, వసుధ ముఖం కావాలి. ఆయన గొంతు వెనకనుంచి వినపడితే చాలు.

చూశారా, మీ నటుడి సమస్యలో సగం ఇక్కడే తీరిపోతుంది. పెదాలు కనపడే మాటలు ఆయనకి రెండో మూడో ఉంటే చాలు. "ఎవరు?" అన్నది ఎవరైనా నేర్చుకోగలరు.

వ్యాసర్పాడి_వాణి

ఆ రెండు మూడు మాటలూ నేను కూర్చుని నేర్పిస్తాను ప్రసాద్ గారూ. ఆయన తెలుగులో అరవం యాస వినపడితే వినపడనివ్వండి. స్టూడియోల్లో అరవం వాళ్ళ మధ్య వయసంతా గడిపిన లైట్‌మన్‌కి యాస మారదా? స్క్రిప్టులో "కావలి నుంచి వచ్చిన" అన్న మాట తీసి "ఇక్కడే పుట్టిన" అని రాసుకుంటే ఇంకా ఏ గొడవా లేదు. "రాళ్ళకి గంట్లు పెట్టించి" అన్నది మాత్రం ఆయనకి కష్టం. అది రెండు ముక్కలుగా విరవండి. "గంట్లు కొత్తవే. చెప్పు వాడికి." ఊపిరి సరిపోతుంది, యాస కూడా తెలియదు.

కథల_కామేశ్వరి

వాణి గారి రెండు ముక్కలూ నాకు నచ్చాయి. కావలి తీసేయడం మాత్రం నాకు మనసొప్పదు. ఊరు వదిలి వచ్చినవాడు కాబట్టే ఆ మెస్సు, ఆ గ్రైండరు ఆయనకి అంత పట్టుదల. యాస కోసం పుట్టిన ఊరు మార్చేస్తే మనిషే మారిపోతాడు.

ఇంకొకటి. "వసుధ మాట్లాడదు" అని రాశారు చూడండి, అక్కడ ఆమెకో పని పెట్టండి. గరిటె కడగడం వద్దు, నీళ్ళ చప్పుడు తర్వాతి మాట మీద పడుతుంది. తడి గుడ్డతో బల్ల తుడిస్తే చప్పుడు ఉండదు.

పెరంబూర్_పిల్లోడు

ఒప్పుకున్నాను, ఆ కుర్రాడి మాట లేకుండా ఈ సీన్ నడవదు. మరి చివర్లో వాయిస్ ఓవర్ ఒక్క వాక్యమైనా ఉంచరా? సినిమా మొత్తం వసుధ గుర్తు చేసుకుంటున్నట్టు రాశాడు కదా. ఆ తర్వాత ఏమైందో ఎవరు చెబుతారు?

కోత_కూర్పు

సినిమా అంతా ఎవరూ ప్రేక్షకుడితో మాట్లాడకుండా ఉండి, ఆఖరి నిమిషంలో ఒక గొంతు వచ్చి మాట్లాడితే అది బయటి మనిషి గొంతులా ఉంటుంది. ఉంచితే మొదట్లోనూ ఒక వాక్యం ఉండాలి. లేదంటే రెండూ వద్దు.

కథల_కామేశ్వరి

నేను దీనికి ఒప్పుకోను. మొదట్లో లేకపోయినా చివర్లో ఒక్కసారి వసుధ మనతో మాట్లాడితే, ఇంతసేపూ దాచుకున్నది అప్పుడు నోరు విప్పినట్టు ఉండొచ్చు. అది ఎడిట్ బల్ల మీద చూసి తేల్చుకోవలసిన విషయం. ఆ వాక్యం రికార్డు చేసి పెట్టుకోండి, అదే వంటగదిలో.

సాలిగ్రామం_ప్రసాద్

మిగతా ముక్కలు చూశాను. అమ్మ గురించిన రెండు ముక్కలు ఈ సీన్ తర్వాత నిజంగానే అక్కర్లేదు, తీసేశాను. తమ్ముడి ఫోన్ సీన్ ఒకటి, మెస్సు మూసే సీన్ ఒకటి మాత్రం మాటల్లోకి మార్చాలి. కావలి ఉంచుతున్నాను, యాస కూడా ఉంచుతున్నాను, చూసినవాళ్ళు ఏమంటారో చూద్దాం. వాణి గారూ, ఆదివారం మధ్యాహ్నం రిహార్సల్ ఉంది, మీకు వీలవుతుందా? బాబూరావు గారూ, మెస్సువాళ్ళు తెల్లవారుజామున అయిదింటికి వంటగది అరగంట ఖాళీగా ఇస్తామన్నారు, బస్సులు ఇంకా పలచగా ఉంటాయి. గ్రైండర్ చప్పుడు, అది ఆగే చప్పుడు అప్పుడే తీసుకుందామా? పప్పు వేసి తిప్పాలా, ఖాళీగా తిప్పినా సరిపోతుందా?

బూమ్_బాబూరావు

పప్పు వేసే తిప్పాలి. ఖాళీగా తిరిగితే రాయికి రాయి తగిలి గరగరమంటుంది, పిండి ఉంటే చప్పుడు మందంగా మారుతుంది. సీన్‌లో పప్పు నలగడం అయిపోవచ్చే వేళ కాబట్టి, రుబ్బడం మొదలైన వెంటనే కాకుండా మెత్తబడ్డాక తీద్దాం. అరగంటలో ఆ దశ రాకపోవచ్చు, కాబట్టి నాలుగున్నరకే వెయ్యమనండి. ఆగే చప్పుడు అయిదారుసార్లు కావాలి, ఒకటి దూరం నుంచి, ఒకటి డ్రమ్ము పక్కనుంచి.